సంగారెడ్డి జిల్లా మొత్తం పొలాల విస్తీర్ణం: ఏ ప్రొజెక్షన్‌లో లెక్కకట్టాలి?

మంజీర_మ్యాప్స్

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో కూర్చుని సంగారెడ్డి జిల్లా పొలాల లేయర్ ఒకటి తయారుచేస్తున్నాం. పాలిగాన్లన్నీ EPSG:4326లో ఉన్నాయి. ప్రతి పొలానికీ ఎకరాలు, గుంటలు రాసివ్వాలి. పైన మండలం వారీగా, జిల్లా వారీగా మొత్తాలు కూడా కావాలి.

చిక్కేంటంటే 78 డిగ్రీల రేఖాంశం ఈ జిల్లా మధ్యలోంచి పోతుంది. జహీరాబాద్, నారాయణఖేడ్ దానికి పడమర, అంటే యూటీఎం జోన్ 43. సంగారెడ్డి, పటాన్‌చెరు తూర్పున, జోన్ 44. ఒకే పొలాన్ని రెండు జోన్లలో కొలిస్తే రెండు రకాల జవాబులు వస్తున్నాయి. జిల్లాను రెండు ముక్కలు చేసి రెండు జోన్లలో పెట్టాలా, లేక మొత్తానికి ఒకటే వాడాలా? ఒకటే అయితే ఏది?

రాజు_జీఐఎస్

ఇందులో అంత ఆలోచించేదేం లేదు బ్రదర్. మొత్తం EPSG:32644లో పెట్టెయ్. హైదరాబాద్ 44లోనే ఉంది, రాష్ట్రంలో ఎక్కువ భాగం 44లోనే ఉంది. యూటీఎం మీటర్లలో ఉంటుంది కాబట్టి విస్తీర్ణం చదరపు మీటర్లలో సరిగ్గానే వస్తుంది. 4326లో మాత్రం కొలవకు, అది డిగ్రీలు.

ఉష_కార్టో

రాజు గారూ, జోన్ కలిపేసి ఒకటే వాడమన్నది ఒప్పుకుంటాను. మీటర్లలో ఉంది కాబట్టి విస్తీర్ణం సరే అన్నదే పొరపాటు. మీటరు అని రాసి ఉన్నంత మాత్రాన మ్యాపు మీద మీటరు, నేల మీద మీటరు ఒకటి కావు. యూటీఎం ఆకారాన్ని కాపాడుతుంది, విస్తీర్ణాన్ని కాపాడదు. జోన్ మధ్యరేఖ దగ్గర అన్నిటినీ కొంచెం కుదించి చూపిస్తుంది, అంచుల దగ్గర సాగదీసి చూపిస్తుంది.

జోన్ 44 మధ్యరేఖ 81 డిగ్రీలు. అక్కడ పొడవులు 0.9996 వంతుకు తగ్గుతాయి, విస్తీర్ణం 0.08 శాతం తక్కువ పడుతుంది. అక్కడి నుంచి పడమరకు వస్తుంటే జనగామ చేరేలోపే, సుమారు 79.3 డిగ్రీల దగ్గర తేడా సున్నా అవుతుంది. హైదరాబాద్ వచ్చేసరికి 0.1 శాతం ఎక్కువ, 78 డిగ్రీల గీత మీద 0.17 శాతం ఎక్కువ. జోన్ దాటి జహీరాబాద్ దాకా 44నే లాగితే 0.24 శాతం ఎక్కువ. అంటే ఒకే జిల్లాలో పటాన్‌చెరు రైతుకు ఒక లెక్క, జహీరాబాద్ రైతుకు ఇంకో లెక్క. ఖమ్మం వైపు వెళితే గుర్తే మారిపోయి తక్కువ చూపిస్తుంది.

మంజీర గారూ, జహీరాబాద్ వైపు పొలం ఒకటి తీసుకుని మీరు ప్రయత్నించిన ప్రొజెక్షన్లన్నిటిలో అంకెలు పెట్టండి. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

మంజీర_మ్యాప్స్

మేడం, జహీరాబాద్ దగ్గర, సుమారు 77.6 తూర్పు, 17.7 ఉత్తరం. చెరుకు పొలం, దాదాపు చతురస్రం. ఎలిప్సాయిడ్ మీద నేరుగా లెక్కిస్తే 20,234 చదరపు మీటర్లు, అంటే సరిగ్గా 5 ఎకరాలు.

జోన్ 44లో 20,283. జోన్ 43లో 20,256. వెనకాల శాటిలైట్ బేస్‌మ్యాప్ ఉన్న EPSG:3857లో 22,418. మా ఆఫీసులో ఒకరు జాతీయ ప్రమాణం అని EPSG:7755 ఇచ్చారు, అందులో 19,683.

కిరణ్_ఎన్

7755 వాడితే తప్పేంటి? నేషనల్ స్పేషియల్ ఫ్రేమ్‌వర్క్‌లో దేశానికి పెట్టుకున్న ప్రొజెక్షన్ అది. ప్రభుత్వానికి ఇచ్చే డేటా ప్రభుత్వం చెప్పిన దాంట్లో ఉంటే రేపు ఎవరూ వంక పెట్టరు కదా.

ఉష_కార్టో

కిరణ్ గారూ, డేటా ఏ ప్రొజెక్షన్‌లో అప్పగించాలి అన్నది ఒక ప్రశ్న, విస్తీర్ణం దేంట్లో కొలవాలి అన్నది ఇంకొకటి. పాలిగాన్లు 7755లోకి మార్చి ఇవ్వండి, అభ్యంతరం లేదు. విస్తీర్ణం కాలమ్ మాత్రం ముందే వేరేగా నింపి ఉంచండి.

ఎందుకో పై అంకెల్లోనే ఉంది. 7755 అంటే లాంబర్ట్ కన్ఫార్మల్ కోనిక్. దేశమంతటికీ ఒకటే కాబట్టి దాని రెండు ప్రమాణ అక్షాంశాలు 12.47 దగ్గర ఒకటి, 35.17 దగ్గర ఒకటి పెట్టారు. ఆ రెండింటి మీద కొలత సరిగ్గా ఉంటుంది, మధ్యలో ఉన్న ప్రాంతమంతా కుదించుకుపోతుంది. మన 17.7 ఆ మధ్యలోనే పడింది. అక్కడ పొడవులు సుమారు 1.4 శాతం, విస్తీర్ణం 2.7 శాతం తక్కువ. మంజీర గారి 5 ఎకరాల్లో 551 చదరపు మీటర్లు మాయం, అంటే దగ్గర దగ్గర ఐదున్నర గుంటలు. దేశం మొత్తాన్ని ఒకే షీటు మీద పరచడానికి అది బాగానే ఉంటుంది, గుంటలు లెక్కపెట్టడానికి కాదు.

3857 ఇంకా ఘోరం. మన అక్షాంశంలో 10.8 శాతం ఎక్కువ చూపిస్తుంది. 5 ఎకరాలు కాస్తా 5 ఎకరాల 21 గుంటలు దాటిపోయింది చూడండి. ఉత్తరానికి, ఆదిలాబాద్ వైపు వెళ్తే ఇంకా పెరుగుతుంది. ఎవరి షీటులోనైనా ఎకరాకు నాలుగు గుంటల చొప్పున ఎక్కువ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

యాదగిరి_సర్వే

నమస్తే. నాదీ ఇలాంటి సమస్యే. మా ఊరి నక్షా స్కాన్ చేసి శాటిలైట్ ఇమేజ్ మీద పెడితే సర్వే నంబర్లన్నీ ఒకే దిక్కుకు పక్కకు జరిగినయ్. ఏ ప్రొజెక్షన్ పెడితే సరిగ్గా కూర్చుంటది?

ఉష_కార్టో

యాదగిరి గారూ, అది వేరే రోగం. అన్నీ ఒకే దిక్కుకు ఒకే దూరం జరిగాయంటే మూలం డేటమ్ కావచ్చు, పాత పటాలు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ మీద ఉంటాయి. లేదా జియోరెఫరెన్స్ చేసేటప్పుడు తీసుకున్న పాయింట్లు కావచ్చు. పొలం పక్కకు జరిగినంత మాత్రాన దాని విస్తీర్ణం చెప్పుకోదగ్గంత మారదు. దానికి వేరే థ్రెడ్ తెరవండి, నక్షా స్కేలు, మీరు పట్టుకున్న పాయింట్ల సంఖ్య రాయండి, అక్కడ చూద్దాం.

రాజు_జీఐఎస్

సరే, 44 ఒకటే పెడితే పడమరన తేడా వస్తుంది అంటున్నారు. అయితే 78 దగ్గర కోసి, ఎడమది 32643లో, కుడిది 32644లో కొలిస్తే పోయేదిగా?

ఉష_కార్టో

తగ్గుతుంది, పోదు. 78 మీద రెండు జోన్లూ ఒకే 0.17 శాతం ఎక్కువ చూపిస్తాయి, ఎందుకంటే ఆ గీత 75కూ 81కీ సమాన దూరం. కాబట్టి కోసిన చోట అంకెల్లో గెంతు కనబడదు, అంతా సరిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ రెండు వైపులా లెక్క ఎక్కువే. ఎక్కువ, తక్కువ కలిసి చెల్లుకుపోయే అవకాశం ఈ జిల్లాకు లేదు, ఎందుకంటే జిల్లా మొత్తం రెండు జోన్ల అంచుల్లోనే ఉంది. పైగా గీత మీద పడ్డ పొలాలను ఎటు వేయాలి, లేయర్లు రెండయితే పక్కపక్క పొలాల మధ్య సందులు, అతివ్యాప్తులు ఎలా చూడాలి, ఇవన్నీ అదనపు తలనొప్పులు.

సమవిస్తీర్ణ ప్రొజెక్షన్ ఒకటి జిల్లా మధ్యలో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. నేను వాడమనేది లాంబర్ట్ అజిముతల్ ఈక్వల్ ఏరియా, మధ్య బిందువు జిల్లా నడుమ:

```
+proj=laea +lat_0=17.8 +lon_0=77.9 +datum=WGS84 +units=m +no_defs
```

క్యూజీఐఎస్‌లో Settings మెనూలో Custom Projections తెరిచి, కొత్తది చేర్చి, ఫార్మాట్‌లో Proj String ఎంచుకుని పై వరుస అతికించండి. పేరు ఏదైనా పెట్టుకోండి. మొదటిసారి చేస్తే దానికి USER:100000 అనే కోడ్ వస్తుంది. తర్వాత Processing టూల్‌బాక్స్‌లో Reproject layer నడిపి, టార్గెట్‌గా దీన్ని ఇచ్చి, జియోప్యాకేజ్‌గా సేవ్ చేయండి.

మధ్య బిందువు కచ్చితంగా జిల్లా గుండెలోనే ఉండాలని పట్టుదల అక్కర్లేదు. ఈ ప్రొజెక్షన్ ఎక్కడ పెట్టినా విస్తీర్ణాన్ని తప్పనివ్వదు. మధ్యలో పెట్టమనేది పొడవుల కోసం. మధ్య నుంచి 60 కిలోమీటర్ల దూరంలో కూడా 100 మీటర్ల గెట్టు పొడవులో తేడా మిల్లీమీటరు అటూ ఇటూ. అంటే కంచె పొడవు, కాలువ పొడవు కూడా ఇందులోనే కొలుచుకోవచ్చు.

కిరణ్_ఎన్

మరి EPSGలో ఉన్న రెడీమేడ్ సమవిస్తీర్ణం వాడొచ్చుగా? EPSG:6933 ఉంది కదా. కస్టమ్ అంటే అవతలివాళ్ల దగ్గర తెరుచుకోదేమో అని భయం.

ఉష_కార్టో

విస్తీర్ణం ఒక్కటే కావాలంటే 6933 నూటికి నూరుపాళ్లు పనికొస్తుంది, 20,234 అనే చూపిస్తుంది. కానీ అది 30 డిగ్రీల అక్షాంశం దగ్గర కుదిర్చిన సిలిండ్రికల్ ప్రొజెక్షన్. మన దగ్గర తూర్పు పడమరలు 9 శాతం కుదించి, ఉత్తర దక్షిణాలు 10 శాతం సాగదీస్తుంది. మంజీర గారి పొలం భుజం 142 మీటర్లు ఉండాల్సింది అందులో ఒకవైపు 129, ఇంకోవైపు 156 వస్తుంది. విస్తీర్ణం కాలమ్ తీసుకుని లేయర్ పారేసేటట్టయితే సరే. అదే లేయర్ మీద రేపు ఎవరో గెట్టు నుంచి 5 మీటర్ల బఫర్ వేశారనుకోండి, ఆ బఫర్ దిక్కుకో వెడల్పు అవుతుంది.

తెరుచుకోదేమో అన్న భయానికి మందు ఏంటంటే, అప్పగించే లేయర్ 4326లోనే ఇచ్చి విస్తీర్ణం ఒక కాలమ్‌గా ఇవ్వండి. మెటాడేటాలో పై వరుస రాసి పెట్టండి.

మంజీర_మ్యాప్స్

మేడం, కస్టమ్ చేశాను. Reproject కూడా చేశాను. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో ఎకరాల కాలమ్ నింపితే ఒకసారి అన్నీ 0.000, ఇంకోసారి 5 ఎకరాల పొలం 0.001 వచ్చింది. ఏం జరుగుతోంది?

వాణి_క్యూజీఐఎస్

రెండూ వేరు వేరు కారణాలు, విడివిడిగా చెప్తాను.

అన్నీ 0.000 అంటే ఎక్కువసార్లు పాత 4326 లేయర్ మీదే `area($geometry)` నడిచి ఉంటుంది. ఆ ఫంక్షన్ లేయర్ ఏ ప్రొజెక్షన్‌లో ఉంటే ఆ యూనిట్లలోనే చెప్తుంది, ఇక్కడ చదరపు డిగ్రీలు. ఒక ఎకరం మన దగ్గర 0.000000344 చదరపు డిగ్రీలు. మూడు దశాంశాల కాలమ్‌లో అది సున్నాయే. ఇలా సున్నాలు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. Reproject చేయకుండా Set Layer CRS నొక్కితే కోఆర్డినేట్లు మారవు, పేరు మాత్రం మారుతుంది. 77.6 డిగ్రీలు కాస్తా 77.6 మీటర్లు అనుకుంటుంది సాఫ్ట్‌వేర్. గుర్తుపట్టడం తేలిక. బేస్‌మ్యాప్ పెట్టి Zoom to Layer నొక్కండి, జిల్లా మొత్తం ఒక చుక్కయిపోయి ప్రొజెక్షన్ మూలబిందువు దగ్గర కూర్చుంటుంది.

0.001 కథ వేరు. మీరు `$area / 4046.86` రాసి ఉంటారు. `$area` ప్రాజెక్ట్ సెట్టింగుల్లో ఉన్న ఎలిప్సాయిడ్‌నూ, విస్తీర్ణం యూనిట్‌నూ పాటిస్తుంది. Project Properties, General ట్యాబులో Units for area measurement దగ్గర ఎకరాలు ఎంచుకుని ఉంటే `$area` అప్పటికే 5 అని ఇచ్చేసింది, దాన్ని మళ్లీ 4046.86తో భాగించారు. 5ని 4046.86తో భాగిస్తే 0.00124, మీకు కనబడింది అదే.

అందుకే టీములో నలుగురు పని చేస్తున్నప్పుడు నేను `$area` వాడొద్దంటాను. ఒకరి సిస్టమ్‌లో ఎలిప్సాయిడ్ None అని ఉంటుంది, ఇంకొకరిది WGS 84. ఒకే ఫార్ములా, రెండు జవాబులు. మీ కొత్త LAEA లేయర్ మీద `area($geometry)` అంటే ఎవరి మెషిన్‌లోనైనా ఒకటే వస్తుంది.

పని అయ్యాక ఒక తనిఖీ చేయండి. ప్రాజెక్ట్ యూనిట్ చదరపు మీటర్లు, ఎలిప్సాయిడ్ WGS 84 పెట్టి, మూల 4326 లేయర్‌లో ఒక తాత్కాలిక కాలమ్:

```
area(transform($geometry,'EPSG:4326','USER:100000')) / $area
```

అంతటా 1.0000 రావాలి. అదే చోట 'EPSG:32644' పెట్టి చూస్తే తూర్పున 1.0012 దగ్గర మొదలై పడమరకు 1.0024 దాటి పోతుంది. ఆ కాలమ్‌కు రంగులేసి చూడండి, ఉష గారు చెప్పిందంతా జిల్లా మీద చారలు చారలుగా కనిపిస్తుంది.

మంజీర_మ్యాప్స్

చూశాను. యూనిట్ ఎకరాలే ఉంది, నిజమే. సరిచేశాక 5.000 వచ్చింది. గుంటల్లోకి మార్చేది ఇలా రాస్తున్నాను: మొత్తం గుంటలు = చ.మీ. / 101.17, దాన్ని 40తో భాగిస్తే వచ్చే పూర్ణాంకం ఎకరాలు, మిగిలింది గుంటలు. ఇది సరేనా?

వాణి_క్యూజీఐఎస్

సరే. రౌండ్ చేయడం మాత్రం మొత్తం గుంటల దశలోనే చేసి, ఆ తర్వాతే 40తో విడగొట్టండి. లేకపోతే ఎక్కడో ఒకచోట 4 ఎకరాల 40 గుంటలు అని అచ్చయిపోతుంది. మండలాల మొత్తాలు రౌండ్ చేయని చదరపు మీటర్ల నుంచే కూడండి.

డీబీ_సతీష్

ఇంత తతంగం ఎందుకో అర్థం కావట్లేదు. పోస్ట్‌జీఐఎస్‌లో ఒక్క వరుస:

```sql
SELECT sy_no, ST_Area(geom::geography) FROM plots;
```

ప్రొజెక్షనే అక్కర్లేదు. ఎలిప్సాయిడ్ మీదే లెక్కిస్తుంది, జిల్లా అయినా దేశమైనా ఒకటే.

ఉష_కార్టో

సతీష్ గారూ, విస్తీర్ణం కాలమ్ వరకే అయితే మీ దారి నాకూ ఇష్టమే. నేను LAEA అనేది పొలాల మీద ఇంకా పనులున్నప్పుడు. బఫర్, ముక్కలు కోయడం, ఒక పొలాన్ని అన్నదమ్ములకు మూడు సమభాగాలు చేయడం, ఇవన్నీ సమతలం మీద చేయాల్సినవే. కోసినచోట కొలిచినదీ, కాలమ్‌లో ఉన్నదీ ఒకటే కావాలంటే రెండూ ఒకే లెక్కలో ఉండాలి.

పైథాన్‌లో pyproj వాళ్ల `Geod` వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. అది గుర్తుతో సహా ఇస్తుంది, పాలిగాన్ గడియారపు దిశలో గీసి ఉంటే రుణాత్మకం వస్తుంది. షేప్‌ఫైల్‌లో బయటి అంచులు గడియారపు దిశలోనే ఉంటాయి. గుర్తు తీయకుండా మండలం మొత్తం కూడితే, రకరకాల ఫైళ్ల నుంచి వచ్చిన పొలాలు ఒకదాన్నొకటి తినేస్తాయి.

డీబీ_సతీష్

మూడు భాగాలు చేసే పని నా దగ్గరకు రాదు లెండి. నా ఓటు జియోగ్రఫీకే.

శాట్_ప్రియ

పొలాలు గీయకుండా పంట విస్తీర్ణం పిక్సెళ్లతో లెక్కపెట్టేవాళ్లు కూడా ఇది చదవాలి. సెంటినెల్-2 టైళ్లు యూటీఎంలోనే వస్తాయి. ఈ జిల్లాకు 43Q, 44Q రెండూ తగులుతాయి. 10 మీటర్ల పిక్సెల్‌ను 100 చదరపు మీటర్లు అనుకుని గుణిస్తే అది యూటీఎం విస్తీర్ణమే. పడమర టైలును 44లోకి వార్ప్ చేసి కలిపేసిన వాళ్లకు ఎక్కువ తేడా పడుతుంది. వర్గీకరణ అయిపోయిన రాస్టర్‌ను LAEAలోకి నియరెస్ట్ నెయిబర్‌తో మార్చి పిక్సెళ్లు లెక్కపెట్టుకోవచ్చు. బైలీనియర్ పెడితే పత్తి 1, కంది 3 మధ్యలో 2 పుట్టుకొస్తుంది, అదేమో వరి కోడ్ అయి కూర్చుంటుంది.

యాదగిరి_సర్వే

నాకో సందేహం. మేము టోటల్ స్టేషన్‌తో కొలిచింది నేల మీద దూరం. గెట్టు 100 మీటర్లు వచ్చింది. ఆఫీసుల ఆటోక్యాడ్‌ల యూటీఎం 44 పాయింట్లు పెట్టి చూస్తే 100.11 అంటది. రైతు ముందర ఏ మాట చెప్పాలె? ఇగ మీ LAEA నేల మీద కొలతకు సరిపోతదా?

ఉష_కార్టో

ఇది మంచి ప్రశ్న. ఆ 11 సెంటీమీటర్లు రెండు కారణాల వల్ల వచ్చింది. యూటీఎం అంచు దగ్గర సాగదీయడం వల్ల 12 సెంటీమీటర్లు పెరిగింది. మీ జిల్లా నేల ఎలిప్సాయిడ్ కంటే అయిదారు వందల మీటర్లు ఎత్తులో ఉంది కాబట్టి నేల మీద దూరం ఎలిప్సాయిడ్ మీది కంటే సెంటీమీటరు లోపు ఎక్కువ, ఆ మేరకు తేడా తగ్గింది.

LAEA మొదటిదాన్ని తీసేస్తుంది, రెండోదాన్ని తీయదు. అది మిగిలితే ఎకరాకు గజం కూడా లేదు, విస్తీర్ణంలో 0.017 శాతం. యూటీఎం 44లో ఉన్న తేడా జహీరాబాద్ దగ్గర ఎకరాకు 11, 12 గజాలు. రైతు ముందు మీ టోటల్ స్టేషన్ మాటే చెప్పండి. ఆఫీసులో LAEAలో వేస్తే రెండూ కలుస్తాయి.

రాజు_జీఐఎస్

ఒక్కటి అడుగుతా. ఎకరాకు 12 గజాలు. గుంట అంటే 121 గజాలు. గుంటలో పదో వంతు కోసం ఇంత రామాయణమా? శాటిలైట్ ఇమేజ్ మీద మౌస్‌తో గీసిన పాలిగాన్‌లో అంతకంటే పెద్ద తప్పులు ఉంటాయి కదా.

ఉష_కార్టో

ఉంటాయి, మీరన్నది సగం నిజం. ఎకరం పొలాన్ని చతురస్రం అనుకుంటే భుజం 63.6 మీటర్లు. నాలుగు మూలల్లో ఒక్కోటి తూర్పు పడమరల్లో ఒక మీటరు, ఉత్తర దక్షిణాల్లో ఒక మీటరు మేర అటూ ఇటూ తప్పితే విస్తీర్ణంలో సుమారు 90 చదరపు మీటర్లు, దగ్గర దగ్గర గుంట తేడా పడుతుంది. అంటే 2 శాతం పైన. దాని ముందు 0.24 శాతం ఎంత? ఒక్క పొలం చూస్తే మీ మాటే నెగ్గుతుంది.

కానీ మంజీర గారు జిల్లా మొత్తం అడుగుతున్నారు. మౌస్ తప్పు ఒక పొలంలో ఎక్కువ, ఇంకో పొలంలో తక్కువ, కూడితే చెల్లుకుంటూ పోతుంది. ఎకరం చొప్పున లక్ష పొలాలు, ఒక్కోదాంట్లో 3 శాతం అటూ ఇటూ అనుకున్నా మొత్తంలో తేడా పది ఎకరాల లోపే ఉంటుంది. ప్రొజెక్షన్ తప్పు చెల్లుకోదు. సగటున 0.2 శాతం అనుకుంటే లక్ష ఎకరాల్లో 200 ఎకరాలు, అన్నీ ఒకే వైపు. ఒక వరుస అతికిస్తే పోయే తప్పును ఎందుకు మిగుల్చుకోవడం?

వాణి_క్యూజీఐఎస్

ఉష గారూ, చెల్లుకుంటుంది అన్నచోట నాకు కాస్త అభ్యంతరం ఉంది. మూల ఎటు పడిందన్నది యాదృచ్ఛికం అయితే చెల్లుతుంది. గెట్టు ఎటు గీశారన్నది యాదృచ్ఛికం కాదు. ఒకరు గెట్టు బయటి అంచు పట్టుకుని గీస్తారు, ఇంకొకరు పంట అంచు పట్టుకుని గీస్తారు. ఎకరం పొలం చుట్టూ అర మీటరు లోపలికి జరిగితే 126 చదరపు మీటర్లు పోతుంది, గుంటంబావు. మూడు శాతం! అది కూడా అన్ని పొలాల్లో ఒకే వైపు. మీ 0.2 శాతం దీని ముందు చిన్నది.

ఉష_కార్టో

ఒప్పుకుంటాను, అది కూడా చెల్లుకోని తప్పే. అందుకే గీసేవాళ్లకు మొదటి రోజే ఒకటే నియమం ఇవ్వాలి. నా ఓటు గెట్టు నడిమికి. పక్క పొలంతో అంచు ఒకటే అవుతుంది, ఇద్దరికీ చెరిసగం, మధ్యలో సందు ఉండదు. టోపాలజీ చెకర్‌లో అతివ్యాప్తులు, సందులు వెతకడం కూడా తేలిక.

యాదగిరి_సర్వే

గెట్టు నడిమి అనేది పట్టా లెక్కకు సరే మేడం. బీమా వాళ్లకు కావాల్సింది పంట వేసిన నేల, గెట్టు కాదు. చెరుకు పొలాలల్ల గెట్టు మీద బండి పోయేటంత వెడల్పు ఉంటది. అది నడిమికి తీసుకుంటే పంట ఎక్కువ చూపిస్తది.

మంజీర_మ్యాప్స్

మాకు రెండూ అడుగుతున్నారు, అదే గొడవ. ప్రస్తుతానికి గెట్టు నడిమికి గీసి LAEAలో విస్తీర్ణం నింపుతున్నాం. సాగు విస్తీర్ణానికి ఇంకో కాలమ్ పెట్టి, లోపలికి బఫర్ వేసి తీయాలనుకుంటున్నా. ఎంత మీటర్లు వేయాలో పంటను బట్టి మార్చాలా, అన్నిటికీ ఒకటే పెట్టాలా?

యాదగిరి_సర్వే

పంటను బట్టి కాదు, ఊరిని బట్టి మారుతది. మండలానికి కొన్ని గెట్లు టేపుతోని కొలిచి రండి, అప్పుడు పెట్టుండ్రి.

వాణి_క్యూజీఐఎస్

అసలు బఫరే వద్దంటాను. సన్నగా, పొడుగ్గా ఉన్న పొలాల్లో రెండు వైపుల నుంచి లోపలికి వచ్చేసరికి పొలం సగం పోతుంది, కొన్ని పూర్తిగా ఖాళీ పాలిగాన్లు అవుతాయి. గెట్లనే వేరే లేయర్‌గా గీసి తీసేయండి, పని ఎక్కువైనా.